బ్యాటరీ మీద 150, ఇంట్లో ఎన్ని గంటలు?

ఏలూరులో మా చిన్నాన్నగారింట్లో కిందటి వేసవికి ముందు కొత్త బ్యాటరీ పెట్టించారు. ఇన్వర్టర్ పాతదే, 900 వీఏది. బ్యాటరీ 150 ఏహెచ్ ట్యూబులర్. ఎంతసేపు వస్తుందని చిన్నాన్న అడిగితే షాపులో అతను కాగితం తీసి లెక్క వేసి చూపించాడట. 150ని 12 వోల్టులతో గుణిస్తే 1800. మీ ఇంట్లో రాత్రిపూట నడిచేవి రెండు ఫ్యాన్లు, రెండు ఎల్‌ఈడీ ట్యూబులు, వైఫై, రెండు మూడు ఫోను చార్జర్లు. మొత్తం 225 వాట్లు. 1800ని 225తో భాగిస్తే ఎనిమిది. "ఎనిమిది గంటలు ఢోకా లేదండీ" అన్నాడు.

ఏప్రిల్‌లో ఒక రాత్రి పదిన్నరకి కరెంటు పోయింది. మూడుంబావు దాటుతుండగా ఇన్వర్టర్ కుయ్‌మంటూ ఆగిపోయింది. పిన్ని అప్పటినుంచి తెల్లారేదాకా విసనకర్ర పట్టుకుని కూర్చుంది. పొద్దున్నే నాకు ఫోను. "ఒరేయ్, అంటగట్టింది పాత సరుకేమో, ఒకసారి వచ్చి చూడరా" అని. ఇన్వర్టర్లు, బ్యాటరీల పనిలోనే పాతికేళ్లు గడిపినవాణ్ని కాబట్టి ఇంట్లో అందరికీ ఈ విషయంలో నేనే దిక్కు. వెళ్లి చూశాను. బ్యాటరీలో ఏ లోపమూ లేదు. నాలుగుముప్పావు గంటలు ఇచ్చిందంటే ఆ లోడుకి అది ఇవ్వాల్సినంతా ఇచ్చింది. లోపమంతా ఆ కాగితం మీది లెక్కలో ఉంది.

ఆ లెక్కలో గుణకారం సరైనదే, భాగహారమూ సరైనదే. కానీ బ్యాటరీలో ఉన్నదంతా ఫ్యాన్లకు చేరుతుందనీ, ఎంత వేగంగా లాగినా బ్యాటరీ ఒకే మొత్తం ఇస్తుందనీ, అడుగుదాకా ఊడ్చి వాడుకోవచ్చనీ అందులో మూడు నమ్మకాలు దాగి ఉన్నాయి. ఆ మూడూ నిజం కావు. ఒక్కొక్కటీ ఎంత తేడా తెస్తుందో చిన్నాన్న ఇంటి లెక్కతోనే చూద్దాం.

ముందు లోడు నిజంగా 225 వాట్లేనా అన్నది తేల్చుకోవాలి. వస్తువుల మీద రాసిన అంకెలు కూడుకుంటూ పోతే పది ఇరవై శాతం అటూ ఇటూ అవుతుంది. ఇంటి ముందున్న కరెంటు మీటరే ఇందుకు మంచి పరికరం. ఎలక్ట్రానిక్ మీటర్ మీద చిన్న ఎర్ర దీపం ఒకటి మెరుస్తూ ఉంటుంది. దాని పక్కన 3200 imp/kWh అనో, 1600 అనో రాసి ఉంటుంది. అంటే ఒక యూనిట్ కరెంటు ఖర్చయ్యేలోపు ఆ దీపం అన్నిసార్లు మెరుస్తుంది. 3200 ఉన్న మీటరైతే నిమిషానికి ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి 18.75తో గుణిస్తే అప్పుడు ఇంట్లో నడుస్తున్న వాట్లు వస్తాయి. 1600 అయితే 37.5తో గుణించాలి.

కరెంటు ఉన్నప్పుడు, బ్యాటరీ నిండా చార్జ్ అయి ఉన్నప్పుడు ఈ పని చెయ్యాలి. ఫ్రిజ్, మోటారు, గీజరు లాంటివి ఆపేయండి. ఇన్వర్టర్ లైను మీదున్న ఫ్యాన్లూ లైట్లూ కూడా ఆపి ఒకసారి లెక్కపెట్టండి. చార్జర్ తీసుకుంటున్నది అందులో తెలుస్తుంది. తర్వాత రాత్రిపూట మామూలుగా వేసుకునేవన్నీ వేసి మళ్లీ లెక్కపెట్టండి. రెండింటికీ ఉన్న తేడాయే మీ లోడు. నిమిషం పాటు లెక్కపెడితే ఒక మెరుపు తప్పినా తేడా పెద్దగా కనిపిస్తుంది. ఐదు నిమిషాలు లెక్కపెట్టి ఐదుతో భాగించడం మేలు. చిన్నాన్న ఇంట్లో మొదటిసారి నిమిషానికి రెండు, రెండోసారి పద్నాలుగు వచ్చాయి. తేడా పన్నెండు. పన్నెండుని 18.75తో గుణిస్తే సరిగ్గా 225. లోడు విషయంలో షాపతను పొరబడలేదు.

ఇక మొదటి నమ్మకం సంగతి. బ్యాటరీలో ఉండేది 12 వోల్టుల డీసీ. ఫ్యానుకి కావలసింది 230 వోల్టుల ఏసీ. ఈ మార్పు చేసేటప్పుడు ఇన్వర్టర్ కొంత తినేస్తుంది. అది వేడిగా బయటికి పోతుంది. ఇన్వర్టర్ పెట్టె మీద చెయ్యి పెడితే తగిలే వెచ్చదనం అదే. ఈ నష్టంలో రెండు భాగాలుంటాయి. ఒకటి, ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నంతసేపూ తన లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కి, సర్క్యూట్‌కి తీసుకునేది. ఇళ్లలో వాడే ఇన్వర్టర్లకి ఇది పది నుంచి ఇరవై వాట్ల దాకా ఉంటుంది. రెండోది, లోడు పెరిగేకొద్దీ దానితోపాటు పెరిగేది. చిన్నాన్న ఇన్వర్టర్‌కి నేను క్లాంప్ మీటర్‌తో చూస్తే 225 వాట్ల లోడుకి బ్యాటరీ నుంచి సుమారు 275 వాట్లు పోతున్నాయి. అంటే సామర్థ్యం 82 శాతం. పాత ఇన్వర్టర్‌కి ఇది మంచి అంకే. మీటర్ లేనివాళ్లు 80 శాతం అనుకుని లెక్క వేసుకుంటే మోసపోరు.

275ని 12తో భాగిస్తే దాదాపు 23 ఆంపియర్లు. బ్యాటరీకి తెలిసేది ఈ ఒక్క అంకే. మన ఫ్యాన్లూ లైట్లూ దానికి తెలియవు. నా దగ్గర నుంచి 23 ఆంపియర్లు లాగుతున్నారు అన్నదే దానికి తెలుసు.

ఇక్కడ రెండో నమ్మకం దగ్గరికి వస్తాం. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. కొనేవాళ్లకీ, చాలాచోట్ల అమ్మేవాళ్లకీ కూడా తెలియని సంగతి ఇది. బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని పెద్ద అక్షరాల్లో ఉన్నచోటే చిన్న అక్షరాల్లో సి20 అని ఉంటుంది. ఇరవై గంటల పాటు నెమ్మదిగా వాడితే 150 వస్తుందని దాని అర్థం. 150ని 20తో భాగిస్తే ఏడున్నర. అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున, 27 డిగ్రీల వేడిమి దగ్గర, వోల్టేజి 10.5కి పడిపోయేదాకా లాగితే ఇరవై గంటలు వస్తుందని తయారీదారు ఇచ్చే మాట. మనం లాగుతున్నది 23 ఆంపియర్లు, అంటే దానికి మూడు రెట్లు. ఆ వేగంలో 150 రాదు.

ఎందుకు రాదో చెప్పాలంటే వేసవిలో ఏటి ఇసుకలో తీసే చెలమను గుర్తు చేసుకోవాలి. చెంబుతో నెమ్మదిగా ముంచుకుంటే ఊట ఊరుతూనే ఉంటుంది, కుండలు నిండుతాయి. గబగబా తోడితే చెలమ ఎండినట్టు కనిపిస్తుంది. నీళ్లు ఇసుకలో ఉన్నాయి గానీ గుంటలోకి చేరడానికి వ్యవధి లేదు. బ్యాటరీలోనూ ఇంతే. ప్లేట్లలో ఉన్న సన్నటి రంధ్రాల్లోని ఆమ్లం మొదట ఖర్చవుతుంది. బయటి ఆమ్లం ఆ రంధ్రాల్లోకి ఊరి రావాలి. మనం వేగంగా లాగితే అది వచ్చేలోపే అక్కడ ఆమ్లం పలచబడిపోయి వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి 10.5 దగ్గరకి రాగానే ఇన్వర్టర్ ఆపేస్తుంది. ఆగిపోయిన అరగంట తర్వాత స్విచ్ వేస్తే ఇన్వర్టర్ మళ్లీ ఓ పావుగంట నడవడం చాలామంది చూసే ఉంటారు. అప్పుడు వచ్చేది కొత్త కరెంటు కాదు, ఆలోగా ఊరిన ఊట.

ఈ తగ్గుదలను 1897లో పీకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రంగా కట్టాడు. ఆ సూత్రం మనకి అక్కర్లేదు. మంచి స్థితిలో ఉన్న 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీకి నేను వాడే అంకెలు ఇవి: ఏడున్నర ఆంపియర్లు లాగితే 150 వస్తుంది, పదిహేను దగ్గర లాగితే 125, ఇరవైమూడు దగ్గర 110, ముప్పైఐదు దగ్గర వంద కంటే కొంచెం తక్కువ. కంపెనీని బట్టీ, మోడల్‌ని బట్టీ ఐదు పది అటూ ఇటూ అవుతాయి. బ్యాటరీ పెద్దదైతే లాగే ఆంపియర్లనీ, వచ్చే ఏహెచ్‌నీ అదే నిష్పత్తిలో పెంచుకోవచ్చు. సోలార్ కోసం అమ్మే బ్యాటరీల మీద సి10 అని ఉంటుంది. ఆ 150ని పది గంటల్లో తీసి చూపించారు కాబట్టి అది సి20 మీద రాసిన 150 కంటే నిజంగా పెద్ద బ్యాటరీ. ధర పోల్చేటప్పుడు ఈ చిన్న అక్షరాలు చదవకపోతే రెండూ ఒకటే అనిపిస్తాయి.

110ని 23తో భాగిస్తే 4.8. అంటే నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. పదిన్నరకి మొదలుపెడితే మూడుంబావు దాటాక ఆగాలి. అలాగే ఆగింది.

మూడో నమ్మకం, అడుగుదాకా వాడుకోవచ్చన్నది. సీసం బ్యాటరీని పూర్తిగా ఊడ్చేస్తే ప్లేట్ల మీద ఏర్పడే సల్ఫేటు గట్టిపడి తిరిగి కరగడానికి మొరాయిస్తుంది. ఎనభై శాతానికి మించి తియ్యకూడదనీ, రోజూ కోతలుండే ఊళ్లో అయితే సగం దగ్గరే ఆపుకుంటే ఎక్కువ ఏళ్లు మన్నుతుందనీ చెప్పేది ఇందుకే. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. కానీ ఈ ఎనభై శాతాన్ని లెక్కలో ఎక్కడ పెట్టాలన్న దగ్గర చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. ముందు 150ని వేగం వల్ల 110కి తగ్గిస్తారు. మళ్లీ ఆ 110లో ఎనభై శాతమే వాడాలని 88 చేస్తారు. ఒకే కోతని రెండుసార్లు కోస్తున్నారన్నమాట. వేగంగా లాగినప్పుడు అందకుండా మిగిలిపోయిన నలభై ఎక్కడికీ పోలేదు, ప్లేట్లలోనే ఉంది. ఇన్వర్టర్ ఆగిపోయే వేళకి తీసింది 110 మాత్రమే. అది 150లో 73 శాతం. అంటే వోల్టేజి పడిపోయి ఎనభై శాతం గీత దాకా వెళ్లకముందే ఇన్వర్టర్ ఆపేసింది.

కాబట్టి ఆ రెండు పరిమితులనీ ఒకదాని మీద ఒకటి వెయ్యకుండా పక్కపక్కన పెట్టి, ఏది తక్కువైతే దాన్ని తీసుకోవాలి. 150లో ఎనభై శాతం 120. మనం లాగే వేగానికి అందేది 110. తక్కువది 110, అదే మన లెక్క. లోడు బాగా తక్కువగా ఉన్న ఇంట్లో ఇది తిరగబడుతుంది. ఏడున్నర ఆంపియర్లే లాగే ఇంట్లో వేగం వల్ల ఏమీ తగ్గదు, 150 అంతా అందుబాటులోకి వస్తుంది. అక్కడ 120 దగ్గర మనమే ఆపుకోవాలి. ఇన్వర్టర్ ఆపదు. రాత్రంతా ఒక్క బల్బూ వైఫై వేసి వదిలేసే ఇళ్లలో బ్యాటరీలు తొందరగా పాడవడానికి ఇది ఒక కారణం. లోడు తక్కువ కదా అని నిశ్చింతగా ఉంటారు, కానీ ఆ నెమ్మదైన లాగుడే బ్యాటరీని అన్నిటికంటే లోతుగా ఖాళీ చేస్తుంది.

రోజూ కోతలుండి సగమే వాడాలనుకుంటే చిన్నాన్నకి దొరికేది 75. దాన్ని 23తో భాగిస్తే మూడుంబావు గంటలు. ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే పెద్ద కోత పడే ఇంట్లో ఈ పొదుపు అక్కర్లేదు, పూర్తిగా నడవనివ్వచ్చు.

ఇంత చెప్పాక చిన్నాన్న అడిగిన ప్రశ్న సహజమైనదే. "అయితే ఇంకో బ్యాటరీ కొనమంటావా?" ఆ ఇన్వర్టర్ 12 వోల్టులది. రెండో బ్యాటరీ పెట్టాలంటే పక్కపక్కన కలపాలి. పాతదీ కొత్తదీ అలా కలిపితే బలహీనమైనది బలమైనదాన్ని కిందికి లాగుతుంది. నేను ఫ్యాన్ల వంక చూడమన్నాను. రెండూ పాత ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లు. 225లో 150 వాట్లు ఆ రెండే తింటున్నాయి. వాటి స్థానంలో బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే పూర్తి వేగంలో కూడా ఒక్కొక్కటి 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. లోడు 225 నుంచి 135కి దిగుతుంది.

ఇప్పుడు అదే లెక్క మళ్లీ వేద్దాం. ఇన్వర్టర్ తన పాలు తాను తీసుకుంటుంది. లోడు తగ్గినా దాని స్థిరమైన ఖర్చు తగ్గదు కాబట్టి సామర్థ్యం 82 నుంచి 78 శాతానికి పడిపోతుంది. బ్యాటరీ నుంచి పోయేది 172 వాట్లు, అంటే పద్నాలుగు ఆంపియర్ల పైచిలుకు. ఆ వేగానికి బ్యాటరీ 125 దాకా ఇస్తుంది. కానీ ఎనభై శాతం గీత 120 దగ్గర ఉంది, తక్కువది అదే. 120ని 14.3తో భాగిస్తే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు దాటుతుంది. షాపులో చెప్పిన ఎనిమిది గంటలు అదే బ్యాటరీతో, అదే ఇన్వర్టర్‌తో వచ్చేశాయి. లోడు నలభై శాతం తగ్గితే సమయం డెబ్భై శాతం పైగా పెరిగింది. నెమ్మదిగా తోడినందుకు చెలమ ఎక్కువ ఇచ్చింది. రెండు ఫ్యాన్ల ఖర్చు ఒక కొత్త బ్యాటరీ ఖర్చులో సగానికి అటూ ఇటూ ఉంటుంది.

ఫ్యాను వేగం తగ్గించుకుంటే సరిపోదా అని పిన్ని అడిగింది. గోడ మీద పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఉంటే అంతగా సరిపోదు. అది ఫ్యానుకి తగ్గించిన కరెంటులో చాలా భాగాన్ని తన లోపలి తీగలో వేడిగా ఖర్చు చేస్తుంది. రెగ్యులేటర్ డబ్బా వెచ్చగా ఉంటే సంగతి అదే. చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అయితే ఫలితం కనిపిస్తుంది. అనుమానముంటే మీటరు దీపాన్ని మళ్లీ లెక్కపెట్టి చూసుకోవచ్చు.

ఈ లెక్క అత్యవసరమయ్యే ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాటి గురించి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ఇంట్లో ఊపిరి ఇబ్బంది ఉన్న పెద్దవాళ్ల కోసం ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ పెట్టుకున్నవాళ్లు కోవిడ్ తర్వాత చాలామందే ఉన్నారు. ఐదు లీటర్ల యంత్రం 350 వాట్లు తీసుకుంటుందనుకుందాం. మీ యంత్రం వెనక ఎంత రాసి ఉందో చూసుకోండి. 1800ని 350తో భాగించి ఐదు గంటలు వస్తుందనుకుని నిద్రపోతే ప్రాణాపాయం. ఇన్వర్టర్ నష్టం కలిపితే బ్యాటరీ నుంచి పోయేది 417 వాట్లు, దాదాపు 35 ఆంపియర్లు. ఆ వేగానికి కొత్త బ్యాటరీ కూడా 97 ఏహెచ్ మించి ఇవ్వదు. అది రెండు గంటల ముప్పావు. ఫ్యానూ లైటూ కూడా అదే లైను మీద ఉంటే ఇంకా తక్కువ. బ్యాటరీ మూడేళ్లదైతే రెండు గంటలు కూడా నమ్మలేం. అలాంటి ఇంట్లో నిండు సిలిండర్ ఒకటి పక్కన ఉండి తీరాలి. ఇన్వర్టర్ ఉన్నది సిలిండర్‌కి మారే వ్యవధి ఇవ్వడానికి. రాత్రంతా గడపడానికి దాన్ని నమ్ముకోకూడదు.

ఇప్పటిదాకా వేసిన లెక్కలన్నీ బ్యాటరీ నిండుగా ఉందని అనుకుని వేసినవి. కోతలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ మాటే నిజం కాదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకి పవర్ హాలిడే ప్రకటించిన రోజులు గుర్తున్నాయా? ఇళ్లకీ విడతలు విడతలుగా కోతలు పడ్డాయి. కొత్త బ్యాటరీ పెట్టాం, మొదటిసారి బాగానే నడిచింది, రెండోసారి గంటన్నరలో ఆగిపోయిందని అప్పుడు ఎంతమంది నన్ను పిలిచారో. చిన్నాన్న ఇంటి అంకెలతోనే చూడండి. మూడుంబావుకి బ్యాటరీ అయిపోయింది. కరెంటు వచ్చి మూడు గంటలు ఉంది. ఇన్వర్టర్ చార్జర్ సగటున 13 ఆంపియర్లు ఎక్కిస్తే మూడు గంటల్లో 39. అందులో కొంత వేడికీ, బుడగలకీ పోయి నిలిచేది 34. ఆరున్నరకి మళ్లీ కరెంటు పోతే 34ని 23తో భాగించండి, గంటన్నర. బ్యాటరీ పాడవలేదు, నిండలేదు. 110 ఖాళీ అయిన బ్యాటరీ పూర్తిగా నిండాలంటే పది పన్నెండు గంటలు ఎడతెగకుండా కరెంటు ఉండాలి. చివరి భాగం మరీ నెమ్మదిగా ఎక్కుతుంది. రోజుకి రెండు పూటలా కోత ఉండే చోట పెద్ద బ్యాటరీ కొన్నా, చార్జర్ అదే అయితే అది ఎప్పుడూ సగం నిండుగానే ఉండిపోతుంది.

నిండిందా లేదా అన్నది ఇన్వర్టర్ తెర మీద కనిపించే శాతాన్ని బట్టి నమ్మకూడదు. చాలా ఇన్వర్టర్లు ఆ క్షణంలో ఉన్న వోల్టేజిని చూసి శాతం చెబుతాయి. చార్జింగ్‌లో ఉన్నప్పుడు వోల్టేజి ఎత్తులో ఉంటుంది కాబట్టి బ్యాటరీ సగమే నిండినా నూరు చూపించవచ్చు. నిజం చెప్పేది హైడ్రోమీటర్. గాజు గొట్టంలోకి ఒక్కో సెల్ నుంచి ఆమ్లం పీల్చి చూడాలి. కళ్లకి అద్దాలు, చేతులకి తొడుగులు లేకుండా ఈ పని చెయ్యొద్దు. ట్యూబులర్ బ్యాటరీ నిండితే ఆరు సెల్స్‌లోనూ 1240 దగ్గర చూపించాలి. ఐదు సెల్స్ 1240 చూపించి ఒక్కటి 1180 దగ్గర ఆగిపోతే ఆ ఒక్క సెల్ మొత్తం బ్యాటరీని ముంచుతుంది. మిగతా ఐదింటిలో ఎంత ఉన్నా లోడు పడగానే ఆ సెల్ వోల్టేజి పడిపోయి ఇన్వర్టర్ ఆగిపోతుంది. హైడ్రోమీటర్ లేకపోతే చార్జింగ్ ఆపి, లోడు లేకుండా నాలుగైదు గంటలు వదిలేసి మల్టీమీటర్ పెట్టండి. 12.5 దగ్గర ఉంటే నిండినట్టే. చార్జింగ్ ఆపిన వెంటనే చూస్తే వచ్చే 13 పైచిలుకు అంకెకి విలువ లేదు.

వయసు విషయానికి వస్తే, బ్యాటరీ ఇచ్చేది మొదటి సామర్థ్యంలో ఎనభై శాతానికి పడిపోతే దాని ఆయుష్షు తీరినట్టు పరిశ్రమలో లెక్క. ఇళ్లలో మాత్రం అరవైకి పడినా నడుపుతూనే ఉంటారు, అందులో తప్పు లేదు. తెలిసి నడపాలి, అంతే. తెలుసుకోవడానికి ఏడాదికి ఒకసారి, వేసవికి ముందు, ఒక ఆదివారం పగలు పరీక్ష పెట్టుకోవచ్చు. ముందురోజంతా చార్జ్ కానివ్వండి. లోడు లెక్కపెట్టి రాసుకోండి. తర్వాత ఇన్వర్టర్‌కి వచ్చే మెయిన్ లైను ఆపి టైము చూసుకోండి. మొదటి బీప్ రాగానే ఆపేసి కరెంటు ఇచ్చేయండి, పూర్తిగా కూలబడేదాకా ఆగక్కర్లేదు. లెక్క ప్రకారం రావలసింది 4.8 గంటలు, వచ్చింది మూడు గంటల ఇరవై నిమిషాలు అయితే బ్యాటరీ డెబ్భై శాతం దగ్గర ఉందన్నమాట. వచ్చే కోతకి ఎన్ని గంటలు వస్తుందో చెప్పేటప్పుడు అన్ని అంకెల్నీ ఆ డెబ్భైతో గుణించుకోవాలి. పరీక్ష అయ్యాక బ్యాటరీని అలా ఖాళీగా వదలకుండా వెంటనే నిండా చార్జ్ చెయ్యాలి.

వేడిమి ప్రభావం మన ప్రాంతంలో గంటల మీద కంటే ఏళ్ల మీద ఎక్కువ. ఆదిలాబాద్‌లోనో, అరకులోనో డిసెంబరు రాత్రి పది డిగ్రీలకి దిగితే బ్యాటరీ ఓ ఎనిమిది పది శాతం తక్కువ ఇస్తుంది. అప్పుడు ఫ్యాన్లు వెయ్యరు కాబట్టి ఎవరికీ తెలియదు. రెంటచింతలలో మెట్ల కింద తలుపు బిగించిన అరలో పెట్టిన బ్యాటరీ మాత్రం గంటలు బాగానే ఇస్తుంది గానీ నీళ్లు తొందరగా తాగుతుంది, ప్లేట్లు తొందరగా తుప్పుపడతాయి. సగటు వేడిమి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఈ పనిలో ఉన్నవాళ్ల పాత సూత్రం. పైగా చార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ వాయువు బయటికి పోవడానికి కూడా గాలి ఆడాలి.

లిథియం గురించి ఈమధ్య అందరూ అడుగుతున్నారు. దానికి చెలమ బాధ లేదు. వేగంగా లాగినా దాదాపు అంతే ఇస్తుంది, తొంభై శాతం దాకా వాడుకోవచ్చు. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీని చిన్నాన్న పాత లోడుకి పెడితే 275ని 12.8తో భాగించి ఇరవైఒకటిన్నర ఆంపియర్లు, తొంభైని దానితో భాగిస్తే నాలుగు గంటల పది నిమిషాలు. 150 ఏహెచ్ సీసం బ్యాటరీకి ఇది కాస్త తక్కువ, అంతే. ఏహెచ్ అంకె మూడో వంతు తక్కువగా ఉన్నా సమయం అంత తగ్గలేదు. అయితే పాత ఇన్వర్టర్ చార్జర్ దానికి సరిపోతుందో లేదో తయారీదారు కాగితంలో చూడకుండా కలపకూడదు.

చిన్నాన్న జూన్‌లో ఫ్యాన్లు మార్పించారు. ఆ తర్వాత ఒక రాత్రి పదకొండుకి పోయిన కరెంటు పొద్దున్న ఆరుకి వచ్చింది. ఏడు గంటలూ ఫ్యాన్లు తిరిగాయి, బీప్ రాలేదు. ఇప్పుడు బ్యాటరీ వెనక గోడ మీద పిన్ని పెన్సిలుతో రాసి పెట్టింది: తేదీ, నిమిషానికి మీటరు మెరుపులు ఏడు, ఆరు సెల్స్ రీడింగులు వరసగా, పరీక్షలో వచ్చిన గంటలు. కింద వచ్చే ఏడాది కోసం ఒక గీత గీసి ఖాళీ ఉంచింది.